మట్టి కాలువకు సమర్థమైన అడ్డుకోత: పక్కవాలు, అడుగు వెడల్పు ఎంచుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ లైనింగ్ లేని మట్టి కాలువల గురించి. సూత్రాలు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి. ఆ సూత్రం చెప్పిన అంకెను ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ పక్కన పెట్టాలి అన్నదే ఎక్కువమంది అడిగే సందేహం. అందుకే సూత్రానికి కొంత, దాన్ని వదలాల్సిన చోట్లకు ఎక్కువ చోటు ఇచ్చాను. అన్ని లెక్కల్లోనూ ఈ గుర్తులే వాడాను: అడుగు వెడల్పు b, నీటి లోతు y, పక్కవాలు z (ఒక మీటరు ఎత్తుకు ఎన్ని మీటర్లు పక్కకు జరుగుతుందో ఆ సంఖ్య), నీరు ప్రవహించే అడ్డుకోత వైశాల్యం A, తడిసే చుట్టుకొలత P, హైడ్రాలిక్ వ్యాసార్థం R, కాలువ నిడివి వెంట వాలు S.

"అత్యంత సమర్థమైన అడ్డుకోత" అంటే దేనిలో సమర్థత?

ఒకే ఒక్క విషయంలో. ఒకే వైశాల్యం, ఒకే వాలు, ఒకే గరుకుదనం ఉన్న ఆకారాలన్నింటిలో ఎక్కువ నీటిని తీసుకుపోయేది అత్యంత సమర్థమైనది. నీటిని వెనక్కి పట్టి లాగేది అది తాకే మట్టి కాబట్టి, తడిసే చుట్టుకొలత ఎంత తగ్గితే ప్రవాహం అంత పెరుగుతుంది. ఈ నిర్వచనంలో గట్టు నిలబడుతుందా, అడుగున పూడిక చేరుతుందా, తవ్వడం సులువా అన్న ప్రశ్నలు లేనే లేవు. మట్టి కాలువలో వచ్చే చిక్కులన్నీ మాత్రం వాటి దగ్గరే మొదలవుతాయి.

సూత్రం ఎలా వస్తుంది?

సమలంబ చతుర్భుజాకారపు కాలువకు ముందుగా రాసుకోవలసినవి ఇవి:

```
A = (b + z·y)·y
P = b + 2·y·√(1 + z²)
R = A / P
Q = (1/n) · A · R^(2/3) · S^(1/2)
```

చివరిది మ్యానింగ్ సమీకరణం. అందులో Q సెకనుకు పోయే నీటి పరిమాణం, n గరుకుదనాన్ని తెలిపే సంఖ్య. ఇప్పుడు A, z లను స్థిరంగా ఉంచి, b స్థానంలో A/y − z·y రాసి, y మారుతుంటే P ఎప్పుడు కనిష్ఠం అవుతుందో చూడాలి. అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే ఇలా వస్తుంది:

```
b = 2·y·(√(1 + z²) − z)
R = y / 2
```

రెండో వరుస ఎంతో ఉపయోగకరమైనది. z ఏదైనా సరే, ఆ z కు అత్యుత్తమమైన ఆకారంలో హైడ్రాలిక్ వ్యాసార్థం నీటి లోతులో సరిగ్గా సగం ఉంటుంది. బొమ్మ గీసి చూసుకోవాలంటే, నీటి మట్టం మధ్య బిందువు కేంద్రంగా y వ్యాసార్థంతో ఒక అర్ధవృత్తం గీయండి. అది అడుగునూ రెండు పక్కలనూ సరిగ్గా తాకుతుంటే అది సమర్థమైన ఆకారం. టేపుతో కొలిచినా తెలుస్తుంది: నీటి మట్టం దగ్గరి వెడల్పులో సగం, తడిసిన ఒక పక్క పొడవుకు సమానంగా రావాలి.

అర్ధ షడ్భుజి అన్నిటికన్నా మంచిదంటారు కదా, దాన్నే ఎందుకు తవ్వరు?

z ను కూడా మార్చుకునే స్వేచ్ఛ ఉంటే కనిష్ఠ చుట్టుకొలత z = 1/√3 వద్ద, అంటే సుమారు 0.58 వద్ద వస్తుంది. పక్క నేలతో 60 డిగ్రీల కోణం చేస్తుంది, ఆకారం సరిగ్గా షడ్భుజిలో సగం. గణితం ప్రకారం ఇందులో తప్పు లేదు. అయితే లైనింగ్ లేని మామూలు మట్టి, నీటిలో నానిన తరువాత 60 డిగ్రీల వాలులో నిలవదు. రాతిలోనో, కాంక్రీటుతోనో అయితే వేరే మాట.

దీన్ని వదులుకుంటే ఎంత పోతుందో కూడా చూడాలి. కింద పూర్తిగా చేసిన లెక్కలో 1.5:1 పక్కవాలుకు అత్యుత్తమ ఆకారం 8.03 చదరపు మీటర్ల వైశాల్యం అడుగుతుంది. అదే ప్రవాహానికి అర్ధ షడ్భుజి 7.65 అడుగుతుంది. తేడా ఐదు శాతం లోపే. ఆ కాస్త మట్టిని మిగుల్చుకోవడానికి కూలిపోయే గట్టును ఎంచుకోవడం నా దృష్టిలో ఏ రకంగానూ సమర్థించలేని పని.

అయితే పక్కవాలును దేనిబట్టి నిర్ణయించాలి?

మట్టినిబట్టి, అది కూడా లెక్క మొదలుపెట్టే ముందే. z అనేది సూత్రంలోంచి బయటికి వచ్చే సంఖ్య కాదు, మనం సూత్రానికి ఇచ్చే సంఖ్య. గట్టి బంకమట్టిలోనూ చిన్న కాలువల్లోనూ 1.5:1 సాధారణంగా చాలుతుంది. వదులైన ఇసుక మట్టికి 2:1 కావాలి. ఇసుక గరపకూ, నీటిని సులువుగా లోపలికి పీల్చుకునే బంకమట్టికీ 3:1 దాకా వెళ్లమని ప్రవాహ శాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఇవి మొదటి అంచనాకే. కాలువ లోతుగా ఉన్నా, గట్టు ఎత్తుగా ఉన్నా మట్టి నమూనా తీసి, వాలు స్థిరత్వాన్ని విడిగా లెక్కించాలి.

బంక లేని మట్టిలో, అంటే ఇసుకలోనూ గులకలోనూ, ఇంకో విషయం ఉంది. పక్క మీద కూర్చున్న రేణువును నీరు ముందుకు తోస్తుంటే దాని బరువు కిందికి లాగుతుంటుంది. అందుచేత సమతలంగా ఉన్న అడుగు మీది రేణువు తట్టుకునేంత తోపును పక్క మీది రేణువు తట్టుకోలేదు. ఎంత భాగం తట్టుకుంటుందో ఈ నిష్పత్తి చెబుతుంది:

```
K = √(1 − sin²θ / sin²φ)
```

θ పక్కవాలు కోణం, φ ఆ మట్టి సహజంగా నిలిచే కోణం. φ ను 35 డిగ్రీలు అనుకుందాం. 2:1 వాలులో θ సుమారు 26.6 డిగ్రీలు, K విలువ 0.63. 1.5:1 వాలులో θ 33.7 డిగ్రీలు, K విలువ 0.25 కు పడిపోతుంది. అంటే వాలును 2 నుంచి 1.5 కు నిటారు చేసినందుకే, పక్క మీది రేణువు తట్టుకోగల శక్తి సగానికన్నా తక్కువైంది. గట్టు కూలకపోయినా పక్కలు మెల్లగా కొట్టుకుపోయి అడుగున చేరతాయి. బంకమట్టిలో రేణువుల్ని పట్టి ఉంచేది బంక కాబట్టి అక్కడ ఈ సూత్రం వర్తించదు.

నీరు నిండుగా ఉన్నప్పుడు నిలిచిన గట్టు, నీరు తీసేశాక ఎందుకు జారుతుంది?

ఈ ప్రశ్నకు కాస్త నిదానంగా జవాబు చెబుతాను, ఎందుకంటే పక్కవాలును నిర్ణయించాల్సిన అసలు పరిస్థితి ఇదే.

కాలువ నిండుగా ఉన్నప్పుడు పక్కల మట్టి రంధ్రాల్లో కూడా నీరు నిండి ఉంటుంది, కాలువలోని నీరు బయటినుంచి ఆ పక్కను ఒత్తి పట్టుకుంటుంది. తూము మూసి మట్టాన్ని త్వరగా దించితే బయటి ఒత్తిడి పోతుంది. లోపలి నీరు మాత్రం అంత త్వరగా బయటికి రాలేదు. నానిన మట్టి బరువు అలాగే ఉండి, దాన్ని ఆపే ఒత్తిడి లేక, పక్క కిందికి జారుతుంది.

ఇసుక గరపలో 1:1 వాలుతో తవ్విన ఒక చిన్న కాలువలో నేను దీన్ని దగ్గరగా చూశాను. మరమ్మతు కోసం ఒక్క రాత్రిలో నీరంతా దించేశారు. పొద్దున వెళ్లేసరికి గట్టు మీద, అంచుకు సమాంతరంగా, జానెడు వెనకగా ఒక సన్నని పగులు కనిపించింది. వేలు పట్టేంత వెడల్పు కూడా లేదు. పక్క మధ్యలో తడిగా మెరుస్తున్న పట్టీ, దాని కింద అడుగు దగ్గర మట్టి కాస్త ఉబ్బి ఉంది. సాయంత్రానికి ఆ పగులుకు ఇవతల ఉన్న మట్టి మొత్తం అడుగులోకి దిగింది. అడుగు వెడల్పు మీటరు కూడా లేకపోవడంతో కాలువ అక్కడ దాదాపు మూసుకుపోయింది.

పైన పగులు, మధ్యలో తడి పట్టీ, కింద ఉబ్బు: ఈ మూడూ కలిసి కనిపిస్తే నీటిని దించడం వెంటనే ఆపాలి. మట్టాన్ని కాస్త పెంచడం కూడా తప్పు కాదు. ఆ తరువాత రోజుల తరబడి, కొద్దికొద్దిగా దించాలి.

z తెలిసింది. ఇప్పుడు అడుగు వెడల్పును ఎలా తేల్చాలి?

ఒక కాలువను తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేద్దాం. సెకనుకు 5 ఘనపు మీటర్ల నీరు వెళ్లాలి. నేల గట్టి గరప, పక్కవాలు 1.5:1. నిడివి వెంట వాలు 4000 కు 1, అంటే S = 0.00025. బాగా చూసుకునే మట్టి కాలువకు n ను 0.025 గా తీసుకుందాం.

ముందుగా మ్యానింగ్ సమీకరణంలో తెలిసినవన్నీ ఒక పక్కకు తెచ్చుకోవాలి:

```
A·R^(2/3) = Q·n / √S = 5 × 0.025 / 0.01581 = 7.906
```

ఇకమీదట ఏ b, y జతకైనా A·R^(2/3) విలువ 7.906 వస్తే ఆ కాలువ సరిపోతుంది. సమర్థమైన ఆకారానికి z = 1.5 వద్ద b = 0.606·y, A = 2.106·y², R = y/2. వీటిని పెడితే:

```
2.106·y² · (y/2)^(2/3) = 1.327·y^(8/3) = 7.906
y = 1.95 m,  b = 1.18 m,  A = 8.03 m²
```

పాఠ్యపుస్తకం ఇక్కడ ఆగిపోతుంది. దాదాపు రెండు మీటర్ల నీటి లోతు, అడుగున మాత్రం మనిషి రెండు అడుగులు వేసేంత చోటు. పైన నీటి మట్టం దగ్గర వెడల్పు ఏడు మీటర్లు. బొమ్మ గీసుకుంటే ఇది దాదాపు V అక్షరంలా ఉంటుంది.

ఇప్పుడు అదే పనిని b ను మనమే ఎంచుకుని చేద్దాం. b = 4 మీటర్లు అనుకుందాం, y ను వెతకాలి. y = 1.3 వేస్తే A = 7.735, P = 8.687, R = 0.890, A·R^(2/3) = 7.16 వస్తుంది, సరిపోలేదు. y = 1.4 వేస్తే 8.22 వస్తుంది, ఎక్కువైంది. ఈ రెండింటి మధ్య 7.906 ఎక్కడ పడుతుందో అనుపాతంలో చూస్తే y = 1.37 మీటర్లు. మళ్లీ వేసి చూస్తే సరిపోతుంది. చేత్తో రెండు మూడు ప్రయత్నాల్లో తేలిపోయే లెక్క ఇది. మిగతా వెడల్పులకు కూడా ఇలాగే చేస్తే:

| అడుగు వెడల్పు (మీ.) | నీటి లోతు (మీ.) | వైశాల్యం (చ.మీ.) | వేగం (మీ./సె.) |
|---|---|---|---|
| 1.18 | 1.95 | 8.03 | 0.62 |
| 3.0 | 1.54 | 8.15 | 0.61 |
| 4.0 | 1.37 | 8.30 | 0.60 |
| 5.0 | 1.24 | 8.50 | 0.59 |

నాలుగు కాలువలూ ఒకే ప్రవాహాన్ని మోస్తాయి. ఈ పట్టిక మీద కాసేపు ఆగి ఆలోచించమని నా మనవి. మొదటి వరుస నుంచి రెండో వరుసకు వస్తే అడుగు రెండున్నర రెట్లు పెరిగింది, లోతు 41 సెంటీమీటర్లు తగ్గింది, వైశాల్యం మాత్రం ఒకటిన్నర శాతమే పెరిగింది.

అడుగు అంత మారినా వైశాల్యం ఎందుకు అంత తక్కువ మారింది?

రెండు కారణాలు కలిసి వచ్చాయి. మొదటిది, కనిష్ఠ బిందువు దగ్గర వక్రరేఖ గిన్నె అడుగులా చదునుగా ఉంటుంది. అక్కడినుంచి కొంత దూరం పక్కకు జరిగినా చుట్టుకొలత పెద్దగా పెరగదు. మన లెక్కలో b = 1.18 నుంచి 3 కు వెళ్తే P 8.22 నుంచి 8.54 మీటర్లకు, అంటే సుమారు 3.9 శాతం పెరిగింది.

రెండోది, చుట్టుకొలతలో పెరిగినదంతా వైశాల్యం మీద పడదు. మ్యానింగ్ సమీకరణంలో A ఘాతం 5/3, P ఘాతం −2/3 అవుతుంది. కాబట్టి ఒకే ప్రవాహానికి కావలసిన వైశాల్యం P యొక్క 2/5 వ ఘాతంతోనే పెరుగుతుంది. 3.9 శాతంలో 0.4 వంతు అంటే సుమారు 1.5 శాతం. పట్టికలో వచ్చింది కూడా అంతే.

అందుచేత సమర్థమైన ఆకారాన్ని చేరుకోవలసిన గమ్యంగా కాక, ఎక్కడినుంచి ఎంత దూరం జరిగామో చెప్పే కొలబద్దగా చూడాలి. దానికి దూరంగా జరిగే స్వేచ్ఛ మనకు చాలా చౌకగా దొరుకుతోంది. ఆ స్వేచ్ఛను గట్టు కోసం, పూడిక కోసం, నిర్వహణ కోసం వాడుకోవాలి.

వాలును పడుకోబెట్టే కొద్దీ సూత్రం అడుగును ఇంకా సన్నగా చేస్తోంది. ఇది తప్పు కాదా?

తప్పు కాదు, సూత్రం అలాగే చెబుతుంది. b/y నిష్పత్తి 1:1 కు 0.83, 1.5:1 కు 0.61, 2:1 కు 0.47, 3:1 కు 0.32 వస్తుంది. పక్కలు పడుకున్న కొద్దీ అవే వెడల్పును ఇచ్చేస్తాయి కాబట్టి గణితం అడుగును తగ్గిస్తుంది. వదులు నేలలో దీన్ని అక్షరాలా పాటిస్తే చిక్కే: రాలడానికి సిద్ధంగా ఉన్న పక్కలు, రాలిన మట్టి పట్టడానికి చోటులేని అడుగు. తవ్వే యంత్రం బకెట్టుకు కూడా అంత సన్నని అడుగును కచ్చితమైన మట్టానికి తవ్వడం కష్టం. అందుకే వాలు ఎంత పడుకుంటే సూత్రం ఇచ్చిన b నుంచి అంత ధైర్యంగా దూరం జరగాలి.

మరి ఆ నాలుగింటిలో మీరు దేన్ని ఎంచుకుంటారు?

నీటిలో ఏముందో అడిగి చెబుతాను. జలాశయంలో మట్టి తేరుకున్న తేట నీరైతే 3 మీటర్లు. ఒండ్రు మోసుకొచ్చే నదీ నీరైతే 4 మీటర్లు.

తేట నీటితో భయం కోత గురించి. ఫోర్టియర్, స్కోబీ 1926 లో ప్రచురించిన అనుమతించదగిన వేగాల పట్టిక ఇప్పటికీ మొదటి అంచనాకు వాడతారు. తేట నీటికి అందులో సన్నని ఇసుకకు సెకనుకు 0.46 మీటర్లు, ఇసుక గరపకు 0.53, మామూలు గట్టి గరపకు 0.76, గట్టి బంకమట్టికి 1.14 ఉన్నాయి. మనది గట్టి గరప, వేగం 0.61. కోత భయం లేదు. అదే నేల ఇసుక గరప అయి ఉంటే పట్టికలోని నాలుగు కాలువలూ తప్పే అయ్యేవి. వెడల్పు మార్చినంత మాత్రాన వేగం 0.62 నుంచి 0.59 కే దిగింది. కాబట్టి వేగాన్ని తగ్గించాలంటే అడుగు వెడల్పుతో పెనుగులాడటం వృథా. నిడివి వెంట వాలును తగ్గించి, మిగిలిన ఎత్తును అక్కడక్కడా మెట్టులాంటి డ్రాపులు కట్టి దించాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు.

ఒండ్రు నీటితో భయం పూడిక గురించి. పంజాబ్‌లోని అప్పర్ బారీ దోఆబ్ కాలువ మీద చేసిన పరిశీలనల ఆధారంగా కెనెడీ 1895 లో ఒక సంబంధం ఇచ్చాడు. పూడికా కోతా లేకుండా ఉండాలంటే వేగం లోతుతోపాటు పెరగాలని దాని సారం. మెట్రిక్ కొలతల్లో అది ఇలా ఉంటుంది:

```
V0 = 0.55 · y^0.64
```

మన మొదటి కాలువలో లోతు 1.95 మీటర్లు, కావలసిన V0 0.84, ఉన్న వేగం 0.62. నిష్పత్తి 0.74. నాలుగు మీటర్ల అడుగు ఉన్న కాలువలో V0 0.67, వేగం 0.60, నిష్పత్తి 0.90. అంటే చుట్టుకొలత లెక్కలో ఉత్తమమైన కాలువే ఒండ్రును మోయడంలో అన్నిటికన్నా వెనకబడింది. కెనెడీ గుణకం ఆ కాలువలోని ఒండ్రుకు సంబంధించింది. సన్నని ఒండ్రుకు 1 కన్నా తక్కువ నిష్పత్తి చాలుతుంది, ముతకదానికి ఎక్కువ కావాలి. అయినా ఆకారాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఇది నమ్మదగిన దారి.

ఇంకో మాట. తవ్వేచోట భూగర్భ జలం పైకి ఉంటే లోతు మీదే ముందుగా హద్దు గీసుకోవాలి. చివరి అర మీటరును బురదలో తవ్వాల్సి వస్తే, మిగిలిన ఒకటిన్నర శాతం మట్టి ఎవరికీ గుర్తుండదు.

తవ్వే మట్టి లెక్క కూడా అంతే తక్కువ తేడా చూపుతుందా?

కాస్త ఎక్కువ చూపుతుంది, ఎందుకంటే తవ్వేది నీటి మట్టం దాకా మాత్రమే కాదు. నీటి మట్టం పైన అర మీటరు ఫ్రీబోర్డు వదిలి, అంతా తవ్వకంలోనే ఉందనుకుంటే, ఒక మీటరు నిడివికి మొదటి కాలువకు 11.9 ఘనపు మీటర్లు, 3 మీటర్ల అడుగుకు 12.3, 4 మీటర్లకు 12.7, 5 మీటర్లకు 13.2 వస్తాయి. ఐదు మీటర్ల దగ్గర తేడా 11 శాతం అవుతోంది, ఇక అక్కడ ఆగడం మంచిది. తవ్విన మట్టితోనే గట్లు వేసే చోట మాత్రం తవ్వకం, గట్టు సమానమయ్యే లోతును విడిగా చూసుకోవాలి. అక్కడ కాస్త ఎక్కువ మట్టి రావడం లాభమే కావచ్చు.

n ను 0.025 అనుకున్నాం. అది తప్పయితే?

నా అనుభవంలో మొత్తం లెక్కలో బలహీనమైన అంకె ఇదే. సెకనుకు 0.6 మీటర్ల వేగం కలుపును ఆపలేదు, రెండు మూడు నెలలు చూడకపోతే పక్కల నుంచి గడ్డి, అడుగు నుంచి నాచు లేస్తాయి. n 0.035 కు చేరితే, అదే లోతులో కాలువ 5 బదులు 3.6 ఘనపు మీటర్లే మోస్తుంది. పైనుంచి 5 వదులుతూనే ఉంటే నీటి మట్టం పెరగాలి. మూడు మీటర్ల అడుగు కాలువలో లోతు 1.54 నుంచి 1.82 కు పెరుగుతుంది. అర మీటరు ఫ్రీబోర్డులో 22 సెంటీమీటర్లే మిగులుతాయి.

ఒకటిన్నర శాతం కోసం ఆకారాన్ని సానబట్టి, 29 శాతం పోగొట్టే కలుపును లెక్కలోకి తీసుకోకపోవడం నేను ఎన్నో డిజైన్లలో చూశాను. లెక్క పూర్తయ్యాక n ను 0.030 తో, 0.035 తో మళ్లీ వేసి, నీరు గట్టు దాటుతుందేమో చూడండి. దాటుతుంటే గట్టు ఎత్తు పెంచండి, లేదా కలుపు తీసే మనుషులు, యంత్రం దిగడానికి వీలుగా అడుగు వెడల్పు ఉంచండి.

కాంక్రీటు లైనింగ్ వేసే కాలువకూ ఇదే పద్ధతా?

కాదు. అక్కడ ఖర్చు తడిసే చుట్టుకొలత మీద నడుస్తుంది, గట్టి నేలలో పక్కలు 1:1 లోనూ నిలుస్తాయి, n కూడా 0.015 దగ్గరికి దిగుతుంది. కాబట్టి సూత్రానికి దగ్గరగా ఉండటం వల్ల నిజమైన లాభం ఉంటుంది.

తవ్వాక ఒక సీజన్ గడిచింది. ఎంచుకున్న ఆకారం సరైందో కాదో ఎలా తెలుస్తుంది?

మట్టి కాలువ గీసిన ఆకారంలో ఉండదు. అడుగు, పక్క కలిసే మూలలు పూడి, మొత్తం పళ్లెంలా గుండ్రబడుతుంది. అది లోపం కాదు. ఒక తిన్నని చోటు ఎంచుకుని, తాడు కట్టి, అర మీటరుకొకసారి కొలకర్రతో లోతు తీసుకోండి. వచ్చిన బిందువుల్ని గళ్ల కాగితం మీద పెట్టి, నిజమైన A, P లెక్కించండి.

డిజైన్ ప్రవాహం వెళ్తున్నప్పుడు నీటి మట్టం అనుకున్నదానికన్నా పైకి ఉంటే, పక్కనున్న స్థిర గుర్తు నుంచి అడుగు మట్టాన్ని లెవెలుతో చూడండి. అడుగు పైకి లేచి ఉంటే అది పూడిక. వేగం ఆ ఒండ్రుకు చాలలేదు, అడుగు వెడల్పు గురించీ వాలు గురించీ మళ్లీ ఆలోచించాలి. అడుగు ఉన్నచోటే ఉండి నీరు మాత్రం పైకి లేస్తే కారణం గరుకుదనం, కలుపు తీస్తే మట్టం దిగుతుంది. అడుగు కిందికి దిగి, పక్కల పాదాలు లోపలికి తొలుచుకుపోయి ఉంటే అది కోత. అప్పుడు పక్క పైభాగం నిటారుగా కనిపిస్తుంది, మీరు ఇచ్చిన 1.5:1 అక్కడ ఇక లేదు. అలాంటి చోట తరువాతి సారి నీరు దించే ముందే పాదాన్ని రాళ్లతో కట్టించండి.